హాల్లో తీసిన పెళ్లికూతురు సూర్యలంక ఒడ్డున నిలబడాలంటే

పెళ్లి ఆల్బమ్ తిరగేస్తుంటే మధ్యలో ఎక్కడో రెండు పేజీలూ కలిపి పరిచిన పెద్ద దృశ్యం ఒకటి వస్తుంది. సముద్రమో, లోయో, కొండల వరసో ఉంటుంది. దాని ముందు పెళ్లికూతురు నిలబడి ఉంటుంది. పట్టుచీర అంచు, నగలు అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. కటింగ్ ఎంత శుభ్రంగా చేశారంటే చెవి పక్క వెంట్రుకలు కూడా పోలేదు. అయినా ఆ పేజీ తెరవగానే చుట్టాల్లో ఎవరో ఒకరు "ఇది అతికించిన ఫొటో కదూ" అనేస్తారు. ఎలా తెలిసిందని అడిగితే చెప్పలేరు. మనిషి తేలుతున్నట్టుందనో, ఏదో బొమ్మలా ఉందనో అంటారు.

డిజైనర్ వెంటనే రంగులు సవరించడం మొదలుపెడతాడు. వెలుతురు కాస్త పెంచుతాడు, పాదాల కింద నీడ వేస్తాడు, అంచులు మెత్తబరుస్తాడు. అవన్నీ అవసరమే, కాదనను. కానీ మన కన్ను ముందు పట్టుకునేది రంగుని కాదు, కొలతని. ఆ మనిషి ఆ నేల మీద ఆ చోట నిజంగా నిలబడితే ఎంత ఎత్తు కనిపించాలో, ఏ కోణంలో కనిపించాలో మనకి తెలియకుండానే తెలుసు. పుట్టినప్పటి నుంచీ మనుషుల్ని దగ్గరగానూ దూరంగానూ చూస్తూనే ఉన్నాం మరి. ఆ రెండూ తప్పితే ఎంత మంచి రంగు వేసినా లాభం లేదు. ఆ రెండింటినీ ఊహతో కాకుండా కొలిచి సరిచెయ్యొచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పెళ్లికూతుర్ని ఇంటి హాల్లో తీశారు. ఆమె ఎత్తు అయిదున్నర అడుగులు. ఆమెని బాపట్ల దగ్గరి సూర్యలంక బీచ్ ఫొటోలో నిలబెట్టాలి. సముద్రతీరాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఈ పనికి కావలసిన ముఖ్యమైన గీత అక్కడ దాచిపెట్టినట్టు కాకుండా కళ్లెదుటే ఉంటుంది. నీళ్లూ ఆకాశమూ కలిసేచోట కనిపించే క్షితిజరేఖే ఆ గీత.

ఫొటో తీసినాయన కెమెరాని నేలకి అయిదడుగుల ఎత్తులో పట్టుకున్నాడనుకుందాం. సరిగ్గా ఆ ఎత్తులో, నేలకి సమాంతరంగా, సముద్రం చివరిదాకా ఒక పలచటి గాజు పలక పరిచినట్టు ఊహించుకోండి. కెమెరా ఆ పలక మట్టంలోనే ఉంది కాబట్టి దానికి పలక పైభాగమూ కనపడదు, అడుగుభాగమూ కనపడదు. అంచు మాత్రం ఒక గీతలా కనిపిస్తుంది. ఆ గీతా క్షితిజరేఖా ఒకటే. అయిదడుగుల కన్నా తక్కువ ఎత్తున్నవన్నీ ఫొటోలో ఆ రేఖ కిందే ఉంటాయి. అంతకన్నా ఎత్తున్నవి రేఖని దాటి పైకి వస్తాయి. ఆ ఇసుక మీద నిలబడ్డ ఏ మనిషినైనా, పదడుగుల దూరంలో ఉన్నా వందడుగుల దూరంలో ఉన్నా, క్షితిజరేఖ నేల నుంచి అయిదడుగుల ఎత్తు దగ్గరే కోస్తుంది. అయిదున్నర అడుగుల మన పెళ్లికూతురికైతే అది దాదాపు కళ్ల దగ్గరకి వస్తుంది. ఆమె వెనక్కి నడుస్తూ చిన్నదైపోతుంటే పాదాలు ఫొటోలో పైకి జరుగుతుంటాయి, కళ్లు మాత్రం ఆ రేఖ మీదే ఉంటాయి.

ఇది ఫొటోగ్రఫీ పుట్టక ముందు నుంచీ తెలిసిన సంగతే. చిత్రకళ మీద 1435లో పుస్తకం రాసిన ఆల్బెర్తి దీన్ని చిత్రకారులకి సూత్రంగా చెప్పాడు. చర్చిలో జనం అటూ ఇటూ నడుస్తుంటే తలలన్నీ ఇంచుమించు ఒకే మట్టంలో కనిపిస్తాయనీ, దూరంగా ఉన్నవాళ్ల పాదాలు దగ్గరున్నవాళ్ల మోకాళ్ల మట్టానికి వస్తాయనీ ఆయన గమనించాడు. రైల్వే ప్లాట్‌ఫారం మీద నిలబడి మనం కూడా ఈ సంగతి చూడొచ్చు.

దీన్నుంచి వచ్చే లెక్క చాలా చిన్నది. ఫొటోలో పాదాలు ఆనే చోటు నుంచి క్షితిజరేఖ దాకా ఎన్ని పిక్సెళ్లున్నాయో కొలవాలి. దాన్ని మనిషి ఎత్తుతో గుణించి కెమెరా ఎత్తుతో భాగించాలి. ఫొటోలో మనిషికి ఉండాల్సిన ఎత్తు వచ్చేస్తుంది. మన ఉదాహరణలో మనిషి అయిదున్నర అడుగులు, కెమెరా అయిదడుగులు. కాబట్టి పాదాల నుంచి రేఖ దాకా ఉన్న దూరానికి అందులో పదో వంతు కలిపితే సరిపోతుంది. పాదాలు రేఖకి 1000 పిక్సెళ్ల కింద ఉంటే పెళ్లికూతురు 1100 పిక్సెళ్లు ఉండాలి. 500 పిక్సెళ్ల కింద ఉంటే 550 ఉండాలి. ఏ లెన్స్‌తో తీశారు, ఎంత జూమ్ చేశారు అన్న ప్రశ్నే రాదు. లెన్స్ మారితే ఆ దూరమూ ఆ ఎత్తూ రెండూ కలిసే పెరుగుతాయి, కలిసే తగ్గుతాయి.

బీచ్ ఫొటో ఎవరో తీసింది అయితే కెమెరా ఎత్తు ఎలా తెలుస్తుంది? ఫొటోలో ఎవరైనా నిలబడి ఉన్నారేమో వెతకాలి. దూరంగా వల లాగుతున్న మనిషి ఒకరు చాలు. క్షితిజరేఖ ఆయన కళ్ల దగ్గర పోతుంటే కెమెరా అయిదడుగుల ఎత్తులో ఉంది. నడుం దగ్గర పోతుంటే ఫొటోగ్రాఫర్ వంగో, మోకాలి మీద కూర్చునో తీశాడు. అలాంటి ఫొటోలో పెళ్లికూతుర్ని నిలబెట్టినప్పుడు కూడా రేఖ ఆమె నడుం దగ్గరే కోయాలి. ఫొటోలో మనిషన్నవాడే లేకపోతే నిలబడి తీసినట్టు అనుకుని అయిదడుగులు వేసుకోవడం మేలు. చాలామంది అలాగే తీస్తారు.

ఈ లెక్క ప్రకారం చేశాక ఆల్బమ్ కస్టమర్‌కి చూపిస్తే మొదట వచ్చే మాట ఒకటుంది. "అమ్మాయిని ఇంకొంచెం పెద్దది చెయ్యి బాబూ, మొహం కనపడట్లేదు." వాళ్లది న్యాయమైన కోరికే. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకి 24 మిల్లీమీటర్ల లెన్స్ పెట్టి తీసిన ఫొటో వెడల్పు 6000 పిక్సెళ్లు అనుకుంటే, అందులో ఇరవై అడుగుల దూరంలో ఉన్న మన పెళ్లికూతురు 1100 పిక్సెళ్లుంటుంది. ఆ వెడల్పుని 12×36 సైజు ఆల్బమ్‌లో రెండు పేజీలకీ పరిస్తే ఆమె ఆరున్నర అంగుళాలకి కాస్త ఎక్కువగా వస్తుంది. మొహం అంగుళం దాటదు. విశాలమైన దృశ్యంలో మనిషి అంతే ఉంటుంది.

ఇక్కడే అసలు పొరపాటు జరుగుతుంది. పాదాలు ఉన్నచోటే ఉంచి మనిషిని మూలలు పట్టుకుని సాగదీస్తారు. 1100 ఉన్న మనిషి 1650 అవుతుంది. అప్పుడు ఆ ఇసుక మీద ఆమె అసలు ఎత్తు ఎనిమిదడుగుల పైమాటే అని ఫొటో చెబుతుంది. క్షితిజరేఖ ఆమె కళ్ల దగ్గర కాక నడుం దగ్గర పోతుంది. వెనక ఉన్న పడవ బొమ్మ పడవలా తయారవుతుంది. కొందరు పాదాలు అక్కడే ఉంచడం బాగోలేదని మనిషిని మొత్తంగా పైకి జరుపుతారు. చుట్టాలు చెప్పే ఆ తేలడం అలా వస్తుంది.

పెద్దదిగా కనిపించాలంటే మనిషి కెమెరాకి దగ్గరగా రావాలి. దగ్గరికి వస్తే పాదాలు ఫొటోలో కిందికి దిగాలి. ఇరవై అడుగుల నుంచి పదమూడు అడుగులకి తెస్తే పెళ్లికూతురు 1700 పిక్సెళ్ల దాకా పెరుగుతుంది, పాదాలు రేఖకి 1500 పిక్సెళ్లకి పైగా కింద ఉంటాయి. కానీ 12×36 పేజీకి కత్తిరించాక ఫొటో ఎత్తు 2000 పిక్సెళ్లే. క్షితిజరేఖ సరిగ్గా మధ్యలో ఉంటే దాని కింద మిగిలేది 1000. పాదాలకి చోటే లేదు. అందుకని రేఖని పేజీలో పైకి జరిపేలా కత్తిరించుకోవాలి. ఆకాశం కొంత వదులుకుని ఇసుకని ఎక్కువ ఉంచుకోవాలి. లేదా పాదాల సంగతి వదిలేసి మనిషిని మోకాళ్ల దగ్గరో నడుం దగ్గరో పేజీ అంచు కోసేలా బాగా దగ్గరికి తెచ్చెయ్యాలి. నా మట్టుకి ఈ రెండో పద్ధతే ఎక్కువ ఇష్టం. మొహం పెద్దదవుతుంది, దృశ్యమూ ఉంటుంది, పాదాలతో వచ్చే చిక్కులన్నీ పోతాయి. అప్పుడు కూడా క్షితిజరేఖ కళ్ల దగ్గరే పోవాలి. ఆ నియమం మారదు.

పరిమాణం కుదిరింది. ఇప్పుడు రెండో సంగతి, కోణం. ఇది పరిమాణం కన్నా మొండిది. పరిమాణాన్ని కంప్యూటర్ మీద మార్చుకోవచ్చు, కోణం ఫొటో తీసిన క్షణంలోనే ఖాయమైపోతుంది.

హాల్లో చోటు తక్కువ. సోఫాలూ టీపాయ్‌లూ జరిపినా ఫోన్ పట్టుకున్నవాడికి ఎనిమిదడుగుల కన్నా వెనక్కి పోవడానికి ఉండదు. అయిదడుగుల ఎత్తు నుంచి, ఎనిమిదడుగుల దూరంలో ఉన్న పాదాల్ని చూస్తే అవి బాగా పైనుంచి కనిపిస్తాయి. బొటనవేలి నుంచి మడమ దాకా నేల మీద పాదం ఎంత పొడవుగా కనిపిస్తుందో లెక్క కట్టొచ్చు. కెమెరా ఎత్తుని దూరంతో భాగించి పాదం పొడవుతో గుణిస్తే చాలు. పది అంగుళాల పాదం హాల్లో ఎనిమిదడుగుల నుంచి చూస్తే ఆరంగుళాల పైన నిలువుగా పరుచుకున్నట్టు కనిపిస్తుంది. అదే పాదం బీచ్‌లో ఇరవై అడుగుల దూరాన ఉంటే రెండున్నర అంగుళాలే కనిపిస్తుంది. ఆ ఆరంగుళాల పాదాన్ని తెచ్చి ఇసుక మీద పెడితే, పరిమాణం ఎంత సరిగ్గా ఉన్నా, మనిషి మునివేళ్ల మీద వేలాడుతున్నట్టు, లేదా ముందుకి జారిపోతున్నట్టు ఉంటుంది. పాదాల కింద ఉన్న నేల ఒక వాలులో, బీచ్ ఇంకో వాలులో ఉన్నట్టు కన్ను పసిగడుతుంది.

చీర కుచ్చిళ్లు పాదాల్ని కప్పేస్తాయి కదా అంటారు. కప్పుతాయి, కానీ కుచ్చిళ్ల అంచే ఆ మాట చెప్పేస్తుంది. పరికిణీ ఓణీలోనో లెహంగాలోనో ఉన్న అమ్మాయిని గమనించండి. నేలని తాకే అంచు ఒక వలయం. ఆ వలయం మూడడుగుల వెడల్పు ఉంటే, ఎనిమిదడుగుల నుంచి తీసిన ఫొటోలో దాని ముందు భాగం పక్కల కన్నా పదకొండు అంగుళాల దాకా కిందికి వంగి, ఊయల తాడులా కనిపిస్తుంది. ఇరవై అడుగుల నుంచి చూస్తే ఆ వంపు నాలుగైదు అంగుళాలే. దాదాపు తిన్నటి గీత. లోతుగా వంగిన అంచు ఉన్న లెహంగాని దూరంగా ఇసుక మీద పెడితే, ఆ అమ్మాయిని మిద్దె మీంచి చూస్తున్నట్టూ, సముద్రాన్ని నేల మీంచి చూస్తున్నట్టూ ఉంటుంది. ఒకే ఫొటోలో రెండు చూపులు ఇమడవు.

మరి హాల్లో ఫోన్‌ని కిందికి దించి తీస్తే? రెండడుగుల ఎత్తు నుంచి తీస్తే పాదాల కోణం బీచ్‌తో కచ్చితంగా కుదురుతుంది. రెండుని ఎనిమిదితో భాగించినా, అయిదుని ఇరవైతో భాగించినా పావే వస్తుంది. కానీ అప్పుడు మొహం చెడుతుంది. కెమెరా మొహాన్ని మూడడుగుల కిందనుంచి చూస్తుంది కాబట్టి గడ్డం అడుగుభాగం, ముక్కు రంధ్రాలు కనిపిస్తాయి. బీచ్‌లో కంటిమట్టం నుంచి చూస్తున్న మనిషికి అవి కనపడకూడదు. కింద సరిచేస్తే పైన చెడుతుంది, పైన సరిచేస్తే కింద చెడుతుంది. రెండూ కలిసి సరిపడాలంటే ఒకటే మార్గం: బీచ్‌లో మనిషి ఎంత దూరాన ఉండబోతోందో హాల్లో కూడా అంత దూరం నుంచి తియ్యాలి, అంతే ఎత్తు నుంచి తియ్యాలి.

జూమ్ చేస్తే ఈ కోణం మారుతుందని చాలామంది నమ్ముతారు. మారదు. కోణాన్ని నిర్ణయించేది మనం ఎక్కడ నిలబడ్డామన్నది ఒక్కటే. జూమ్ చేసేది, అక్కడి నుంచి కనిపించేదాంట్లో కొంత భాగాన్ని కత్తిరించి పెద్దది చెయ్యడమే. కాకపోతే దూరం వెళ్లాక ఫ్రేము నింపుకోడానికి జూమ్ కావాలి. కాబట్టి క్రమం ఇది: ముందు వెనక్కి నడవండి, తర్వాత జూమ్ చెయ్యండి.

ఇంట్లో ఇరవై అడుగులు ఎక్కడ దొరుకుతాయి? హాల్లోంచి వంటింటి దాకా గుమ్మాలు వరసగా ఉన్న ఇళ్లు మనకి చాలానే ఉన్నాయి. అమ్మాయిని హాలు చివర నిలబెట్టి వంటింటి గుమ్మంలోంచి తియ్యొచ్చు. అపార్ట్‌మెంట్‌లో అయితే లిఫ్ట్ ముందుండే కారిడార్ ఉంది. కల్యాణమండపాల్లో ఈ ఇబ్బందే లేదు. పదిహేను అడుగులు దొరికినా చాలు. అక్కడి నుంచి పాదం మూడుంపావు అంగుళాలకి కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. రెండున్నరకీ దానికీ ఉన్న తేడాని కన్ను క్షమించేస్తుంది. ఎనిమిదడుగులకీ ఇరవైకీ ఉన్న తేడాని క్షమించదు. చోటు అసలే లేదంటే బీచ్‌లోనే మనిషిని దగ్గరికి తెచ్చుకోవాలి, మోకాళ్ల దగ్గర కోసెయ్యాలి.

ఇప్పటికే తీసిన ఫొటో చేతికి వచ్చిందనుకోండి. ఎంత ఎత్తు నుంచి తీశారో, ఎంత దూరం నుంచి తీశారో ఎవరికీ గుర్తుండదు. ఆ వివరాలు ఫొటోలోనే, నేల మీద రాసి ఉంటాయి. మన ఇళ్లలో ఇప్పుడు ఎక్కువగా వేసేది రెండడుగుల చదరపు టైల్స్. కెమెరా నుంచి అవతలి గోడ వైపు పోయే టైల్ గీతలు రెండు ఎంచుకుని, వాటి మీద సన్నటి గీతలు గీసి పైకి పొడిగించండి. రెండూ ఒకచోట కలుస్తాయి. ఆ కలిసిన బిందువు మీదుగా అడ్డంగా గీత గీస్తే అదే ఆ గది తాలూకు క్షితిజరేఖ. గోడలు అడ్డమొచ్చి మనకి కనపడదు కానీ సముద్రం దగ్గర ఉన్నట్టే గదిలోనూ ఉంటుంది. ఆ గీత అమ్మాయి భుజాల కిందుగా పోతుంటే ఫోన్ నాలుగడుగుల ఎత్తులో ఉంది. కళ్ల మీదుగా పోతుంటే అయిదడుగులు. టైల్స్ లేకపోతే మంచం అంచులు, కిటికీ పై అంచూ కింది అంచూ, గోడ నేలని కలిసేచోటు కూడా పనికొస్తాయి.

రెండు ఫొటోల్లోనూ కెమెరా ఎత్తు ఒకటే అయితే పని ఆనందంగా సాగుతుంది. గదిలో గీసిన అడ్డగీతని కూడా మనిషితో కలిపి లేయర్‌గా ఉంచుకోవాలి. బీచ్ ఫొటోలోకి తెచ్చాక ఆ గీతని సముద్రపు రేఖ మీద కూర్చోబెట్టాలి. ఫొటోషాప్‌లో Ctrl+T నొక్కి, మధ్యలో ఉండే చిన్న గురి గుర్తుని ఆ రేఖ మీదికి జరిపి, Alt పట్టుకుని మూల లాగితే మనిషి ఆ రేఖ మీద ఆధారపడి చిన్నదీ పెద్దదీ అవుతుంది. చిన్నది చేస్తుంటే పాదాలు ఇసుక మీద వెనక్కి జరుగుతాయి, పెద్దది చేస్తుంటే ముందుకి వస్తాయి. మనిషి నిజంగా ఒడ్డున నడుస్తున్నట్టే ఉంటుంది. ఎక్కడ ఆపినా పరిమాణం సరైనదే.

ఎత్తులు వేరైతే మాత్రం ఈ పద్ధతి మోసం చేస్తుంది. గదిలో ఫోన్ నాలుగడుగుల దగ్గర, బీచ్‌లో కెమెరా అయిదడుగుల దగ్గర ఉందనుకోండి. రెండు గీతలనీ కలిపేస్తే నాలుగడుగుల మనిషి భాగం 1000 పిక్సెళ్లు ఆక్రమిస్తుంది, మొత్తం మనిషి 1375 అవుతుంది. ఉండాల్సింది 1100. బీచ్‌లో ఆమె దాదాపు ఏడడుగుల మనిషి అవుతుంది. ఇలాంటప్పుడు గది గీతని పక్కన పెట్టి బీచ్ లెక్కనే నమ్మాలి. పాదాలు ఆనేచోటు ఎంచుకుని 1100కి తేవాలి. అడుగు ఎత్తు తేడా వల్ల వచ్చే కోణం లోపం కొద్దిగా మిగిలే ఉంటుంది. అది చాలామందికి కనపడదు.

ఇంకో చిన్న చిక్కు ఉంది. గదిలో ఫోన్‌ని ఎత్తులో పట్టుకుని కిందికి వంచి తీస్తారు. అప్పుడు తలుపు చట్రాల నిలువు గీతలు కిందికి పోయేకొద్దీ దగ్గరికి వస్తాయి. మనిషి కూడా అలాగే, భుజాలు వెడల్పుగా, కాళ్లు సన్నగా కుంచించుకుపోతుంది. తలుపు చట్రాలు నిటారుగా నిలబడేదాకా ఫొటోని సరిచెయ్యాలి. Camera Raw లోని Geometry విభాగం ఈ పనికే ఉంది. ఇది కటింగ్ చెయ్యకముందే జరగాలి. చాలామంది ఫొటో రాగానే బ్యాక్‌గ్రౌండ్ తీసేస్తారు. దాంతో తలుపు పోతుంది, టైల్స్ పోతాయి, ఫోన్ ఎక్కడుందో చెప్పే ఆధారాలన్నీ పోతాయి. ఆ తర్వాత చేసేదంతా ఊహే.

ఇంతవరకూ చెప్పినది చదునైన నేల గురించి. కొండ ప్రాంతాలకి వచ్చేసరికి జాగ్రత్త పెరగాలి. అరకులోయ ఫొటోలో ఆకాశం కొండల్ని కలిసే గీత క్షితిజరేఖ కాదు. అసలు రేఖ ఆ కొండల వెనక, ఇంకా కిందుగా దాగి ఉంటుంది. కొండ శిఖరాల గీతని నమ్మి లెక్క కడితే మనిషి అవసరమైన దానికన్నా చాలా పెద్దదవుతుంది. అలాంటిచోట కెమెరాని వంచకుండా తీసి, కత్తిరించకుండా ఉన్న ఫొటో అయితే రేఖ సరిగ్గా ఫొటో మధ్యలోంచి పోతుంది. తిన్నగా పోయే రోడ్డో రైలు పట్టాలో ఉంటే వాటి రెండు అంచులూ పొడిగించి, గదిలో టైల్స్‌తో చేసినట్టే రేఖని పట్టుకోవచ్చు. కాకపోతే ఆ దారి ఎక్కడా, దిగడా ఉండకూడదు.

గండికోటలో పెన్నా లోయ అంచున బండల మీద మనిషిని నిలబెట్టాలంటే ఇంకో సవరణ కావాలి. బండ, ఫొటోగ్రాఫర్ నిలబడ్డ నేల కన్నా రెండడుగుల ఎత్తులో ఉంటే, కెమెరా ఆ బండకి మూడడుగుల ఎత్తులోనే ఉన్నట్టు లెక్క. రేఖ పెళ్లికూతురి నడుం దగ్గర పోవాలి, కళ్ల దగ్గర కాదు. బండ పల్లంలో ఉంటే దీనికి తిరకాసు, రేఖ తల పైనుంచి పోతుంది. డ్రోన్‌తో వందడుగుల పైనుంచి తీసిన లోయలో మాత్రం గదిలో ఎదురుగా నిలబడి తీసిన మనిషిని నిలబెట్టే పద్ధతే లేదు. పైనుంచి చూస్తే కనిపించాల్సిన నడినెత్తి, భుజాలు మన ఫొటోలో లేవు. లేనిదాన్ని ఏ సవరణా తేలేదు. కస్టమర్ ఎంత అడిగినా ఈ పని ఒప్పుకోకపోవడమే మంచిది.

సినిమా విజువల్ ఎఫెక్ట్స్‌లో పనిచేసేవాళ్లు గ్రీన్‌మ్యాట్ ముందు ప్రతి షాట్‌కీ కెమెరా ఎత్తు, దూరం, వంపు, లెన్స్ అన్నీ రాసి పెట్టుకుంటారు. తర్వాత ఎక్కడో తీసిన కొండనో కంప్యూటర్‌లో కట్టిన కోటనో వెనక చేర్చేటప్పుడు ఆ కాగితమే ఆధారం. పెళ్లి ఆల్బమ్‌కి అంత హంగు అక్కర్లేదు కానీ, ఆ నాలుగింట్లో మొదటి రెండూ తప్పకుండా కావాలి.

అందుకే ఆల్బమ్‌కి ఫొటోలు ఇచ్చేవాళ్లకి ఒక మనవి. స్టూడియోకి పంపేటప్పుడు కత్తిరించిన ఫొటో పంపకండి. నేల, తలుపులు అన్నీ కనిపించే అసలు ఫొటోనే, సైజు తగ్గిపోకుండా డాక్యుమెంట్‌గా పంపండి. దాంతోపాటు అమ్మాయి ఎత్తు ఎంత, ఫోన్ ఎవరి చేతిలో ఏ ఎత్తున ఉంది, ఎన్ని టైల్స్ దూరం నుంచి తీశారు అన్న మూడు మాటలూ రాసి పెట్టండి. వీలుంటే ఆ రోజే, వంటింటి గుమ్మం దాకా వెనక్కి నడిచి ఇంకో ఫొటో కూడా తీసి ఉంచండి.